తెల్వని చోట తెల్వదనే రాయాలె

(కమాన్‌పూర్‌లో గ్రామీణ విలేకరుల సమావేశంలో మా సంపాదక బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మనం ఇక్కడ కూర్చున్నది యంత్రం మంచిదా చెడ్డదా అని తేల్చడానికి కాదు. యంత్రం వచ్చేసింది. మీలో చాలామంది సెల్‌ఫోన్లలో చాట్‌జీపీటీయో, జెమినైయో ఉంది. నాలుగు ముక్కలు కొడితే నలభై లైన్ల వార్త తయారుచేసి ఇస్తుంది. జిల్లా డెస్కులో కూర్చున్నవాళ్లూ అదే పని చేస్తున్నారు. చేస్తున్నామని చెప్పేవాళ్లు తక్కువ, చెప్పకుండా చేసేవాళ్లు ఎక్కువ. కాబట్టి మన ముందున్న ప్రశ్న చాలా చిన్నది. ఆ నలభై లైన్లలో విలేకరి చూసింది ఎంత, విన్నది ఎంత, యంత్రం పుట్టించింది ఎంత? ఆ లెక్క సంపాదకుడికి ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి?

ఇది పెద్ద పత్రికల సమస్య, మనకెందుకు అనుకోకండి. పెద్ద పత్రికల్లో ఏం జరిగిందో ముందు రెండు సంగతులు చెప్పి, తర్వాత మన ఓసీపీ కాడికి వద్దాం.

చికాగోలో ఏం జరిగింది

అమెరికాలో చికాగో సన్-టైమ్స్ అని పాత పత్రిక ఉంది. 2025 మే నెలలో ఆ పత్రికతో పాటు ఒక అనుబంధం పంచారు. అందులో ఎండాకాలం చదవదగ్గ పుస్తకాలని పదిహేను పేర్లు ఇచ్చారు. రచయితలందరూ నిజమైన వాళ్లే, పేరున్న వాళ్లే. కానీ పదిహేనులో పది పుస్తకాలు లోకంలో లేవు. వాళ్లెవరూ రాయలేదు. యంత్రం పేర్లు పుట్టించి, ఒక్కోదానికి కథ కూడా అల్లి ఇచ్చింది. అచ్చయ్యాక చదివినవాళ్లు పట్టుకుంటే గానీ బయటపడలేదు.

ఇది ఎలా జరిగిందో చూడండి. ఆ జాబితా రాసింది పత్రిక ఉద్యోగి కాదు. బయట నుంచి రాసిచ్చే మనిషి, అంటే మన భాషలో కంట్రిబ్యూటర్. అతను ఒక సిండికేట్‌కు ఇచ్చాడు, సిండికేట్ పత్రికకు అమ్మింది, పత్రిక అచ్చేసింది. యంత్రంతో రాయించానని అతను చెప్పలేదు. ఎలా రాశావని సిండికేట్ అడగలేదు. సిండికేట్ చూసే ఉంటుందని పత్రిక అనుకుంది. ముగ్గురి చేతుల మీదుగా వచ్చిన కాగితాన్ని ఒక్కరూ చదివి సరిచూడలేదు. ఇంకో సంగతి కూడా మరవొద్దు. దానికి రెండు నెలల ముందే ఆ పత్రిక తన సిబ్బందిలో ఐదో వంతును డబ్బిచ్చి ఇంటికి పంపింది. సరిచూసే మనుషులను తగ్గించుకున్న చోటే ఈ తప్పు అచ్చుదాకా పోయింది.

రెండో సంగతి పాకిస్తాన్‌ది. డాన్ పత్రికకు ఆ దేశంలో ఎంత గౌరవమో మీకు తెలుసు. 2025 నవంబర్ 12న కార్ల అమ్మకాల మీద ఒక వ్యాపార వార్త వేశారు. వార్త చివర యంత్రం మాట్లాడిన మాటలు కూడా అచ్చయిపోయాయి. కావాలంటే ఇదే వార్తను మొదటి పేజీకి పనికొచ్చేటట్టు ఇంకా చురుగ్గా రాసిస్తాను, చెయ్యమంటారా అని అది అడిగిన మాటలవి. పత్రిక క్షమాపణ చెప్పింది. తమ సొంత విధానాన్నే తాము ఉల్లంఘించామని ఒప్పుకుంది. అంటే ఆ పత్రికకు విధానం ఉంది. కాగితం మీద ఉంది. కానీ వార్త రాసిన చేతి నుంచి అచ్చుకు పోయేదాకా మధ్యలో ఎవరూ ఆ విధానం ప్రకారం ఒక్క ప్రశ్న అడగలేదు. విధానం గోడకు కట్టి ఉంటే చాలదు, రోజూ వార్తతో పాటు నడవాలి. మేం చెప్పబోయేది అదే.

యంత్రం ఏం చేస్తుంది

యంత్రానికి మీ ఊరు తెలియదు. అది చదివింది కోట్లాది పాత వాక్యాలను. ఒక మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కగట్టి, ఆ మాట పెడుతూ పోతుంది. అందుకే దాని వాక్యం నున్నగా ఉంటుంది. అచ్చుతప్పు ఉండదు. ఎక్కడా తడబడదు. చిక్కు అక్కడే ఉంది. వార్త దగ్గరికి పోయిన విలేకరికి సగం సంగతులే దొరుకుతాయి. మిగతా సగం దగ్గర అతను ఆగుతాడు, ఇంకా తెల్వదు అంటాడు. యంత్రం మాత్రం ఆగదు. ఖాళీ కనపడితే పాత వార్తల్లో అలాంటి చోట ఏముండేదో అది తెచ్చి పూడుస్తుంది.

ఒక ఉదాహరణ పెట్టుకుని చూద్దాం. ఇది మేం కల్పించింది, ఫలానా రోజు జరిగిన ఘటన కాదు. కానీ ఈ ప్రాంతంలో పని చేసే ఎవరికైనా కొత్త కాదు. ఒక విలేకరి రాత్రిపూట ఫోన్‌లో ఇలా కొట్టాడనుకుందాం.

“నిన్న సెకండ్ షిఫ్ట్ ఇడిసేముందు ఆర్జీ త్రీ ఓసీపీ వన్‌ల టిప్పర్ తగిలి ఒకాయనకు కాలు ఇరిగింది. ఓబీ కాంట్రాక్ట్ మనిషి. ఖని ఏరియా దవాఖానకు తీస్కపోయిండ్రు. పేరు తెల్వలే. ఎట్ల తగిలిందో ఒక్కొక్కరు ఒక్కతీరు చెప్తుండ్రు.”

ఎంత మంచి నోటు అది! ఐదు ముక్కల్లో మూడు తెలిసినవి, రెండు తెలియనివి. తెలియనివి తెలియదనే రాశాడు. ఇప్పుడు దీన్ని వార్తగా మార్చమంటే యంత్రం ఇలాంటిది రాసిస్తుంది.

“కరీంనగర్ జిల్లా కమాన్‌పూర్ మండలంలోని సింగరేణి ఆర్జీ ఓసీ-3 బొగ్గు గనిలో జరిగిన ఘోర ప్రమాదంలో ఒక సింగరేణి కార్మికుడు తీవ్రంగా గాయపడ్డాడు. డ్రైవర్ అజాగ్రత్త వల్లే ప్రమాదం జరిగినట్లు ప్రాథమిక విచారణలో తేలింది. బాధిత కుటుంబాన్ని అన్ని విధాలా ఆదుకుంటామని అధికారులు తెలిపారు. పోలీసులు ఐపీసీ 338 కింద కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు. ఈ ఘటన స్థానికంగా కలకలం రేపింది.”

చదవడానికి బాగుంది కదా? రాత్రి పదకొండు గంటలకు పేజీ ముగించే సబ్ ఎడిటర్‌కు ఇది వరం లాగ కనిపిస్తుంది. ఇప్పుడు ఒక్కొక్క ముక్క విప్పి చూద్దాం.

ఒక్కొక్క ముక్క

మొదటిది జిల్లా పేరు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాయి. అప్పటి నుంచి కమాన్‌పూర్ పెద్దపల్లి జిల్లాలో ఉంది. అప్పుడే కమాన్‌పూర్ నుంచి విడదీసి రామగిరి మండలం కూడా చేశారు. సెంటినరీ కాలనీ ఇవాళ రామగిరి మండలంలోకి వస్తుంది. యంత్రం చదివిన పాత వార్తల్లో అంతటా కరీంనగర్ జిల్లా అని ఉంటుంది గనుక అదే రాసింది. ఘటన జరిగిన చోటు ఏ మండలంలో పడుతుందో తెలిస్తేనే ఏ పోలీస్ స్టేషన్, ఏ తహసీల్దార్ అన్నది తెలుస్తుంది. తప్పు మండలం రాస్తే బాధితుని మనుషులు తప్పు ఆఫీసు చుట్టూ తిరుగుతారు.

రెండోది గని పేరు. మన బెల్టులో ఇది బయటివాళ్లకు ఎప్పుడూ చిక్కే. ఆర్జీ-3 అన్నది ఒక ఏరియా పేరు. ఆ ఏరియాలో ఓసీపీ-1, ఓసీపీ-2 ఉన్నాయి. ఆర్జీ ఓసీ-3 అన్నది ఒక గని పేరు, అది ఆర్జీ-2 ఏరియాలో ఉంది. మూడు అంకె రెండు చోట్లా ఉంది. యంత్రం రెంటినీ కలిపేసి ప్రమాదాన్ని ఇంకో ఏరియాకు, ఇంకో జనరల్ మేనేజర్ కిందికి మార్చేసింది. ఓసీపీ గేటు ముందు ఒక్కసారి నిలబడ్డవాడు ఈ తప్పు చేయడు.

మూడోది అన్నింటికన్నా పెద్దది. విలేకరి “ఓబీ కాంట్రాక్ట్ మనిషి” అని రాశాడు. యంత్రం “సింగరేణి కార్మికుడు” చేసింది. ఒక్క మాటే మారింది. కానీ ఇక్కడున్న వాళ్లకు ఆ ఒక్క మాట బరువు తెలుసు. పర్మనెంట్ కార్మికుడు చనిపోయినా, పనికి పనికిరాకుండా పోయినా వారసునికి ఉద్యోగం అన్న మాట వస్తుంది. కాంట్రాక్ట్ మనిషికి ఆ మాట లేదు. అతనికి రావాల్సిన నష్టపరిహారానికి కాంట్రాక్టరు, కంపెనీ ఇద్దరూ జవాబు చెప్పాలి. 2020 జూన్ 2న ఇదే ఆర్జీ-3 ఏరియా ఓసీపీ-1లో పేలుడు జరిగి నలుగురు చనిపోయారు. నలుగురూ కాంట్రాక్ట్ కార్మికులే. మట్టి తీసే పనుల్లో, పేలుడు పనుల్లో ముందు నిలబడేది ఎవరో, వాళ్లు ఏ వాడల నుంచి వస్తారో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. “సింగరేణి కార్మికుడు” అని రాస్తే ఆ సంగతి అంతా మాయమైపోతుంది. పేపర్ కటింగ్ కోర్టులో రుజువు కాకపోవచ్చు. కానీ కుటుంబం ఆఫీసు బల్ల మీద పెట్టే మొదటి కాగితం చాలాసార్లు అదే. అందులోనే అతను ఎవరి మనిషో తప్పుగా ఉంటే, మా మనిషి కాదని కాంట్రాక్టరు తప్పుకోవడానికి దారి దొరుకుతుంది.

నాలుగోది డ్రైవర్ అజాగ్రత్త. విలేకరి ఏమన్నాడు? ఒక్కొక్కరు ఒక్కతీరు చెప్తున్నరు అన్నాడు. యంత్రం ఒక కారణం తేల్చింది, పైగా “ప్రాథమిక విచారణలో తేలింది” అని ముద్ర కొట్టింది. ఏ విచారణ? ఎవరు చేశారు? గనిలో ప్రమాదం జరిగితే గనుల భద్రతా డైరెక్టరేట్ వాళ్లు వస్తారు, కంపెనీ భద్రతా విభాగం చూస్తుంది, పోలీసులు చూస్తారు. తెల్లారేసరికి ఎవరూ తేల్చరు. రోడ్డు వెడల్పు ఎంత, లైట్లు ఉన్నాయా, బ్రేకులు పనిచేశాయా, మనిషి వరసగా రెండో షిఫ్టు చేస్తున్నాడా అన్నవి చూడకుండా డ్రైవర్ మీదికి తోయడం పాత వార్తల అలవాటు. ఆ డ్రైవర్ కూడా కాంట్రాక్ట్ మనిషే. యంత్రానికి ఎవరి మీదా పగ లేదు. ఆ అలవాటును నేర్చుకుంది, తిరిగి అప్పగించింది.

ఐదోది అధికారులు ఆదుకుంటామన్నారని రాయడం. ఏ అధికారీ అనలేదు. విలేకరి ఏ అధికారితోనూ మాట్లాడలేదు. అనని మాట అన్నట్టు రాస్తే అది అబద్ధం. దానికి మర్యాద పేరు ఏదీ లేదు. అది అధికారికి మేలు చేసే అబద్ధమైనా అంతే. రేపు కుటుంబం పోయి పేపర్లో అట్ల వచ్చింది గదా సారూ అంటే, నేనెప్పుడన్నా అంటాడు. అప్పుడు ఎవరి పరువు పోతుంది?

ఆరోది ఐపీసీ. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు ఐపీసీ లేదు, భారతీయ న్యాయ సంహిత ఉంది. పాత 338లో ఉన్నది ఇప్పుడు 125లోకి వచ్చింది. అట్లాగే హత్యకు 302 కాదు, 103. యంత్రం చదివిన వార్తలు నూట అరవై ఏళ్ల చట్టం కింద రాసినవి గనుక దాని చేతికి 302 తొందరగా వస్తుంది. కార్మిక చట్టాలదీ అదే కథ. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టాల పేర్లు యంత్రం రాస్తే సరిచూడకుండా నమ్మొద్దు. ఇక్కడ అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకోటి ఉంది. అసలు కేసు అయ్యిందా? విలేకరి నోటులో కేసు మాటే లేదు.

ఐదు వాక్యాల వార్తలో ఆరు తప్పులు. మిగిలింది కలకలం ఒక్కటే. అది కూడా ఎవరూ చూడలేదు.

ఎట్ల సరిచూడాలె

దీనికి పెద్ద చదువు అక్కర లేదు, తిరిగే కాళ్లు కావాలి. మనిషి ఎవరు, పేరేమిటి అన్నది దవాఖాన క్యాజువాలిటీలో తెలుస్తుంది. ఎవరి కింద పని చేస్తున్నాడో తోటి పనివాళ్లను అడగండి, వాళ్లు చెప్పిందాన్ని అతని వీటీసీ కార్డుతోనో, గేటు పాసుతోనో పోల్చి చూడండి. యూనియన్ పిట్ సెక్రటరీని అడగండి. కానీ ఆయన మాట కూడా ఒక పక్షం మాటేనని గుర్తుపెట్టుకోండి. కేసు నంబరు, సెక్షను పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ చూసి రాసుకోండి, నోటి మాట మీద రాయొద్దు. కారణం ఎవరు ఏం చెప్పారో వాళ్ల పేరు మీదనే రాయండి. ఇద్దరు రెండు తీర్లు చెప్తే రెండూ రాయండి. అధికారికి ఫోన్ చేయండి. ఎత్తకపోతే ఎన్ని గంటలకు చేశారో రాసి, జవాబు రాలేదని రాయండి.

ఇంకో మాట. యంత్రం రాసిందా లేదా అని చెప్తామనే సాఫ్ట్‌వేర్లు కొన్ని అమ్ముతున్నారు. వాటిని నమ్మి ఎవరినీ దోషిని చేయొద్దు. అవి మనిషి రాసిందాన్ని యంత్రానిదంటాయి, యంత్రానిదాన్ని వదిలేస్తాయి. వాక్యం తీరు చూసి కనిపెడతామనడం కూడా కష్టమే. “కలకలం రేపింది” అని మనోళ్లు యంత్రం రాకముందే ముప్పై ఏళ్లుగా రాస్తున్నారు. సంపాదకుడు అడగాల్సింది ఇది నువ్వు రాశావా అని కాదు, ఇది నీకు ఎట్ల తెలుసు అని. ప్రతి వాక్యానికీ ఈ ఒక్క ప్రశ్న వేస్తే చాలు. జవాబు లేని వాక్యం మనిషి రాసినా, యంత్రం రాసినా కొట్టేయాల్సిందే.

అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2023 ఆగస్టులో తన విలేకరులకు ఇచ్చిన నియమం కూడా ఇదే. యంత్రం ఇచ్చిన దేన్నైనా ఇంకా సరిచూడని ముడిసరుకుగానే చూడాలని, దాన్నే వార్తగా అచ్చువేయొద్దని చెప్పారు. మన భాషలో చెప్పాలంటే, టీకొట్టు దగ్గర విన్న మాటకు ఎంత విలువో యంత్రం మాటకు అంతే. టీకొట్టు మాట అయితే కనీసం అన్నవాడు ఎవరో తెలుస్తుంది.

నాలుగు గీతల చీటీ

ఇప్పుడు విలేకరి సంపాదకునికి ఏం చెప్పాలన్న దగ్గరికి వద్దాం. యంత్రం వాడాను అని ఒక్క మాట చెప్తే సరిపోదు. దానితో సంపాదకునికి ఏం తెలుస్తుంది? ఎక్కడ వాడారో తెలియాలి. మేం అనుకుంటున్న పద్ధతి ఇది. ప్రతి వార్త కింద నాలుగు గీతల చీటీ ఒకటి పెట్టాలి. అది అచ్చుకు పోదు, డెస్కు చూడటానికే.

మొదటి గీత, నేను కళ్లతో చూసింది. రెండో గీత, నేను విన్నది, ఎవరి దగ్గర విన్నానో. మూడో గీత, యంత్రం చేసింది. నాలుగో గీత, ఇంకా తెలియనిది.

మన ఉదాహరణకే రాసి చూపిస్తాం. చూసింది: దవాఖానలో మనిషిని చూశాను, కాలుకు కట్టు ఉంది. విన్నది: టిప్పర్ తగిలిందని ఇద్దరు తోటి పనివాళ్లు చెప్పారు, ఒకరు వెనక్కి వస్తుంటే అన్నారు, ఒకరు ముందుకే అన్నారు. యంత్రం చేసింది: నేను చెప్పిన మాటలను రాతలో పెట్టింది, జిల్లా, సెక్షను అదే కలిపింది, నేను కొట్టేశాను. తెలియనిది: కేసు అయ్యిందో లేదో, అధికారులు మాట్లాడలేదు.

చూశారా, నాలుగో గీతే ప్రాణం. యంత్రం చెరిపేసిన “తెల్వదు” తిరిగి అక్కడికి వస్తుంది. ఆ గీత చూసిన సబ్ ఎడిటర్ స్టేషన్‌కు తానే ఒక ఫోన్ చేస్తాడు, లేదా ఆ వాక్యం తీసేసి మిగిలిన మూడు వాక్యాల వార్త వేస్తాడు. మూడు వాక్యాల నిజం చాలు. లైన్ అకౌంట్ మీద బతికే విలేకరికి లైన్లు తగ్గితే డబ్బు తగ్గుతుందని మాకు తెలుసు. అందుకే ఈ నియమం విలేకరి నెత్తిన ఒక్కదాన్నే పెడితే నడవదు. లైన్లు లెక్కగట్టి డబ్బిచ్చే పద్ధతి ఉన్నంత కాలం యంత్రం లైన్లు పెంచుతూనే ఉంటుంది. తిరిగిన దూరానికి, సరిచూసిన పనికి డబ్బు ఇవ్వమని యాజమాన్యాలను అడగాలి.

ఏం వాడొచ్చు అని కూడా అడుగుతారు. అచ్చుతప్పులు చూపించమనొచ్చు. ఇంగ్లీషు ప్రకటన ఏం చెప్తుందో అర్థం చేసుకోవడానికి వాడొచ్చు, కానీ మూలం పక్కన పెట్టుకుని ప్రతి అంకె, ప్రతి పేరు సరిచూడాలి. ఇంగ్లీషులో ఆరోపణ అని ఉన్నది తెలుగులోకి వచ్చేసరికి జరిగిపోయిన సంగతిగా మారడం మామూలు. రికార్డు చేసిన మాటలను రాతలో పెట్టమనొచ్చు, కానీ మళ్లీ విని సరిచేయాలి. మన యాస దానికి సగమే తెలుసు. ఏం వాడినా మూడో గీతలో రాయాలి.

ఫోన్‌లో పెట్టకూడనివి

ఇంకొక బాధ్యత ఉంది, అది వార్త అచ్చుకాకముందే మొదలవుతుంది. మీరు యంత్రానికి ఇచ్చిన ప్రతి మాట మీ ఫోన్ దాటి ఎక్కడో ఒక కంపెనీ కంప్యూటర్లోకి పోతుంది. అత్యాచారం జరిగిన స్త్రీ ఫిర్యాదు కాగితం ఫొటో తీసి వార్త రాయమని దానికి ఇస్తే, ఆమె పేరు, ఊరు, కులం, తండ్రి పేరు అన్నీ పోయినట్టే. యంత్రం ఆ పేరును వార్తలో కూడా పెడుతుంది, మీ కన్ను తప్పిందంటే అచ్చవుతుంది. ఆమె ఎవరో తెలిసేటట్టు అచ్చువేయడం భారతీయ న్యాయ సంహిత 72 కింద నేరం, పాతలో ఇది 228ఏ. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షను ఉంది. ఇలాంటి కాగితాలు, మీకు రహస్యంగా సంగతి చెప్పినవాళ్ల పేర్లు యంత్రానికి ఇవ్వకూడదు. పొరపాటున ఇస్తే ఆ సంగతి సంపాదకునికి వెంటనే చెప్పాలి, రెండో రోజు కాదు. కాంట్రాక్టరు మీద చెప్పిన కూలీ పేరు బయటపడితే తెల్లారి అతనికి గేటు మూసుకుంటుంది.

ఘర్షణ అన్న మాట

మన వాడల మీద దాడులు జరిగినప్పుడు ఆ వార్త ఏ మాటతో మొదలవుతుందన్నది ఉద్యమానికి పాత కొట్లాట. 1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. తరిమి తరిమి చంపిన చోట కూడా “ఇరువర్గాల ఘర్షణ” అన్న మాట ఎందుకు వస్తుందని అప్పటి నుంచీ అడుగుతున్నాం. అడిగి అడిగి కొంత మార్చాం. ఇప్పుడు యంత్రం ఆ పాత రాశిని మింగి కూర్చుంది. దాడి అని మీరు ఇచ్చిన నోటు ఘర్షణ అయి తిరిగి వస్తే ఆశ్చర్యపోవద్దు. కొట్టేసి దాడి అని రాయండి.

దానికి పోలీసు ప్రకటన ఒక్కటే ఇస్తే ఇంకా ప్రమాదం. 2017 మార్చిలో మన పక్కనే మంథని మండలం ఖానాపూర్‌లో ఒక దళిత యువకుడు చనిపోయాడు. పోలీసులు ఆత్మహత్య అన్నారు. కుటుంబం, దళిత సంఘాలు హత్య అన్నాయి. హైకోర్టు దాకా పోతే, కోర్టు ఆదేశం మీద శవాన్ని వెలికితీసి మళ్లీ పోస్టుమార్టం చేశారు. చివరికి ఏం తేలిందన్నది వేరే చర్చ. మేం చెప్పేది మొదటి రోజు గురించి. ఆ రోజు పోలీసు ప్రకటనను యంత్రానికి ఇస్తే ఆత్మహత్య అని నున్నటి వార్త రాసిస్తుంది. కుటుంబం ఏమంటోంది అని అది అడగదు. ఆ గడప తొక్కేది విలేకరే. ఆ గడప తొక్కలేదంటే, తొక్కలేదని చీటీ నాలుగో గీతలో రాయాలి.

2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలి చెట్ల సంగతి మీరు చూశారు. బుల్డోజర్లు నిజం, నరికిన చెట్లు నిజం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరకడం ఆపమంది. కానీ ఆ మధ్యలో యంత్రంతో చేసిన బొమ్మలు కొన్ని తిరిగాయి. ప్రభుత్వం వాటిని పట్టుకుని, ప్రచారమంతా యంత్రం అబద్ధాలే అని వాదించింది. కొన్ని దొంగ బొమ్మలు ఎన్నో నిజం బొమ్మల మీద అనుమానం వేశాయి. ఫొటోకూ ఇదే చీటీ ఉండాలి. ఎవరు తీశారు, ఎప్పుడు, యంత్రం చెయ్యి పడిందా?

సంపాదకుడు చేయాల్సింది

విలేకరి చెప్తే సరిపోదు, డెస్కు కూడా విలేకరికి చెప్పాలి. మీ వార్తను డెస్కులో యంత్రం గుండా తిప్పి మార్చితే, మారిన వాక్యాలు అచ్చుకు ముందు మీకు చదివి వినిపించాలి. వార్త మీద మీ పేరు ఉంటుంది. ఊళ్లో దెబ్బ తినేది మీరు, డెస్కు కాదు. యంత్రం వాడానని నిజం చెప్పిన విలేకరిని దానికోసం తీసేయకూడదు. తీసేస్తే రెండోవాడు చెప్పడు. అసలు దాచిన దానికి శిక్ష ఉండాలి, చెప్పిన దానికి కాదు.

తప్పు అచ్చయితే అది వచ్చిన పేజీలోనే, కనపడేటట్టు సవరణ వేయాలి. తప్పు ఎట్ల వచ్చిందో కూడా రాయాలి. అచ్చుకు ముందే సరిచూడాలని ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమాల్లో ఎప్పటి నుంచో ఉంది. యంత్రం వచ్చినంత మాత్రాన ఆ బాధ్యత దానికి బదిలీ కాలేదు. పత్రిక మీద సంపాదకుడి పేరు అచ్చవుతుంది, యంత్రం పేరు కాదు. యంత్రం మీద పరువునష్టం దావా పడదు, యంత్రాన్ని స్టేషన్‌కు పిలవరు.

మా పత్రికకు వార్త పంపే ప్రతివాళ్లూ వచ్చే సంచిక నుంచి ఈ నాలుగు గీతల చీటీ పెట్టాలని అడుగుతున్నాం. పోస్టు కార్డు మీద పంపినా, వాట్సాప్‌లో పంపినా సరే. మేం కూడా మీ వార్తలో ఏం మార్చామో అచ్చుకు ముందు చెప్తాం. మీరు పనిచేసే మిగతా పత్రికల డెస్కులకు కూడా ఇదే చీటీ పంపడం మొదలుపెట్టండి. మొదట్లో చింపి పారేస్తారు. పారేయనివ్వండి. మీ దగ్గర ఒక నకలు దాచుకోండి. రేపు ఆ వార్త మీద తగువు వస్తే, ఆ రాత్రి మీకు ఏం తెలుసు, ఏం తెలియదు అన్నదానికి మీ చేతిలో ఉండే కాగితం అదొక్కటే.